డేటా లెక్క, 3వ పాఠం: వారం అంకెల నుంచి నెల ప్లాన్‌కు

పోయిన పాఠంలో చెప్పినట్టు ఏడు రోజులు రాత్రి పడుకునే ముందు ఫోన్ సెట్టింగ్స్‌లో మొబైల్ డేటా వాడకం చూసి, ఆ రోజు అంకె రాసిపెట్టుకుని ఉంటారు. వైఫై మీద ఖర్చయింది ఇందులోకి రాదు, సిమ్ మీద పోయిందే లెక్క. ఆ ఏడు అంకెలతో ప్లాన్ ఎలా ఎంచుకోవాలో ఈ పాఠంలో చూద్దాం. ఒకరి కాగితం ముందు పెట్టుకుంటే పద్ధతి తేలిగ్గా పట్టుబడుతుంది.

ఈయన ఇల్లు గుంటూరు బ్రాడీపేటలో, ఉద్యోగం విజయవాడ బందరు రోడ్డులో. ఇంట్లో వైఫై ఉంది, ఆఫీసులోనూ ఉంది. పోనూ రానూ రైల్లో సిమ్ డేటా. ఆదివారం మాత్రం తెనాలిలో అత్తగారింట్లో, అక్కడ వైఫై లేదు. ఇప్పుడు వేయించుకుంటున్నది రోజుకు 2 జీబీ, 28 రోజుల ప్లాన్. కాగితం మీద ఉన్న అంకెలు ఎంబీల్లో ఇవి: సోమవారం 420, మంగళవారం 380, బుధవారం 1400, గురువారం 450, శుక్రవారం 460, శనివారం 180, ఆదివారం 2040.

కూడే ముందు రెండు అంకెలను అనుమానించాలి.

మొదటిది బుధవారం. చుట్టూ నాలుగు వందల్లో ఉన్నవాటి మధ్య 1400 ఎందుకొచ్చింది? అదే పేజీలో కిందికి జరిపితే యాప్‌ల వారీగా పట్టీ ఉంటుంది. అందులో Google Play Store పక్కన 890 ఉంది. రైల్లో కూర్చున్నప్పుడు యాప్‌లు వాటంతటవే అప్‌డేట్ అయిపోయాయి. ఇది అలవాటు కాదు, కాబట్టి తీసేయాలి. బుధవారం 510. అయితే తీసేసి ఊరుకుంటే వచ్చే నెల మళ్లీ అదే జరుగుతుంది. ప్లే స్టోర్ సెట్టింగ్స్‌లో ఆటో అప్‌డేట్‌ను Over Wi-Fi only మీద పెట్టండి. ఆ సెట్టింగ్ మార్చని వాళ్లు మాత్రం 890ని లెక్కలోనే ఉంచుకోవాలి.

రెండోది ఆదివారం, ఇది ఇంకా మోసకారి. 2040 అంటే దాదాపు 2 జీబీ, అంటే ప్లాన్ గోడ. రోజు కోటా అయిపోయాక స్పీడు 64 కేబీపీఎస్‌కు పడిపోతుంది, దాంతో మెసేజ్‌లు పోవడమే కష్టం, వీడియో మాట సరేసరి. కాబట్టి ఆ అంకె ఆ రోజు అవసరాన్ని చెప్పదు, ఎక్కడ ఆగిపోయారో చెబుతుంది. ఏ రోజు అంకె అయినా కోటాకు అంటుకుని ఉంటే అసలు అవసరం అంతకన్నా ఎక్కువేనని అనుకోండి. మిగిలింది గంటల్లో లెక్కేయాలి. ఆ రోజు మ్యాచ్ చివరి గంట చూడటం కుదరలేదు. వీడియో 1.25 ఎంబీపీఎస్‌తో, అంటే సెకనుకు 1.25 మెగాబిట్ల చొప్పున వస్తోందనుకుందాం, చిన్న తెర మీద మామూలు క్వాలిటీకి అది సరిపోతుంది. ఎంబీపీఎస్‌ను 0.45తో గుణిస్తే గంటకు ఎన్ని జీబీలో వస్తుంది: 1.25 × 0.45 = 0.56. అంటే మరో 560 ఎంబీ. ఆదివారం అసలు అవసరం 2600.

ఈ 0.45 గుర్తుపెట్టుకుంటే ఎక్కడైనా పనికొస్తుంది. 128 కేబీపీఎస్, అంటే 0.128 ఎంబీపీఎస్ పాటలు గంటకు 58 ఎంబీ తింటాయి. అదే 5 ఎంబీపీఎస్ హెచ్‌డీ వీడియో అయితే గంటకు 2.25 జీబీ. గురువారం 450లో రానూ పోనూ రెండు గంటల పాటలు 115, రీల్స్ 290. వాట్సాప్, యూపీఐ, మ్యాపులు అన్నీ కలిపి 45 మాత్రమే. ఫోన్‌పేకి డేటా అయిపోతుందని భయపడి పెద్ద ప్లాన్ వేయించుకునే వాళ్లకు ఈ 45 చూపించాలి.

ఇప్పుడు కూడండి. పని రోజులు ఐదూ కలిపి 2220, శనివారం 180, ఆదివారం 2600. వారానికి 5000 ఎంబీ. 28 రోజులంటే సరిగ్గా నాలుగు వారాలు, కాబట్టి 20 జీబీ. కొంటున్నది 56 జీబీ. ముప్పై ఆరుకు పైగా జీబీలు రోజూ అర్ధరాత్రి కొంచెం కొంచెంగా గంగలో కలుస్తున్నాయి, అయినా ఆదివారం సాయంత్రం చాలడం లేదు. ఆరు రోజులు మిగిలిన డేటా ఏడో రోజుకు రాకపోవడమే కారణం. ఈయన 2.5 జీబీ ప్లాన్‌కు ఎక్కినా పారేసేది ఇంకా పెరుగుతుందే తప్ప ఆదివారానికి వంద ఎంబీ తక్కువే పడుతుంది.

ధరలు తరచూ మారతాయి, కాబట్టి కింద ఉన్నవి లెక్క నేర్చుకోవడానికి వేసుకున్నవి. వాటి చోట మీ ఆపరేటర్ యాప్‌లో ఉన్న ధర రాసుకోండి. ఇప్పటి ప్లాన్ రూ. 350. రోజుకు 1 జీబీ, 28 రోజులది రూ. 250. మొత్తం 25 జీబీ ఒకేసారి ఇచ్చి 30 రోజులు వాడుకోమనేది రూ. 320.

రూ. 250 ప్లాన్ చూడగానే ఆశ పుడుతుంది. కానీ ప్రతి ఆదివారం 1.6 జీబీ తక్కువ పడుతుంది, దానికి డేటా ప్యాక్ వేయాలి. ఆ ప్యాక్ ఒక్క రోజుకే చెల్లేదై, ధర రూ. 30 అనుకుంటే నాలుగు ఆదివారాలకు 120, మొత్తం 370. పాతదానికన్నా ఎక్కువ. అదే 6 జీబీ ప్యాక్ రూ. 70కి దొరికి, మెయిన్ ప్లాన్ ఉన్నన్నాళ్లూ చెల్లితే మొత్తం 320లో పని అయిపోతుంది, చివరి ఆదివారం కాస్త బిగబట్టుకోవాలంతే. ప్యాక్ కొనేముందు జీబీ ఎంతని కాక, చెల్లుబాటు ఎన్నాళ్లని చూడాలి.

25 జీబీ ప్లాన్‌కు ఒక చిక్కుంది. 30 రోజుల్లో వారంలోని ఏవో రెండు రోజులు ఐదుసార్లు వస్తాయి. వాటిలో ఆదివారం పడితే 20కి 2.6, పక్కరోజుది మరో 0.4 కలిసి 23 జీబీ అవుతుంది. 25లో ఇముడుతుంది, రెండు జీబీ చేతిలో ఉంటాయి. ఆదివారం రీఛార్జ్ చేయించుకుంటే ఐదు ఆదివారాలు తప్పవు, మంగళవారం చేయించుకుంటే నాలుగే. రోజు ఖర్చు 320 ÷ 30 = రూ. 10.67. పాతది 350 ÷ 28 = రూ. 12.50. ఏడాదికి తేడా సుమారు రూ. 670.

జీబీ ధర మాత్రం చూడొద్దు. పాత ప్లాన్‌లో ఇచ్చే 56తో భాగిస్తే జీబీ రూ. 6.25, కొత్తదాంట్లో రూ. 12.80. షాపులో పెద్ద ప్లాన్ చవకని చెప్పేది ఈ లెక్క చూసే. అవసరమైన జీబీతో భాగిస్తే పాతది రూ. 17.50, కొత్తది దాదాపు రూ. 15. ఇక 28 రోజుల ప్లాన్‌ను నెల అనుకోవద్దు, ఏడాదికి 13 రీఛార్జ్‌లు అవుతాయి. 30 రోజుల ప్లాన్ కనీసం ఒకటి, ప్రతి నెలా అదే తేదీకి రెన్యూ అయ్యేది ఒకటి ఉండాలని 2022లో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ ఆదేశించింది. ఆపరేటర్ యాప్‌లో ప్లాన్ల పట్టీలో కిందికి వెళ్లి వెతకండి.

ఒకేసారి ఇచ్చే ప్లాన్‌లో రోజు కోటా బ్రేకు ఉండదు. 5 ఎంబీపీఎస్ హెచ్‌డీలో మ్యాచ్ నాలుగు గంటలు చూస్తే 9 జీబీ ఒక్క పూటలో పోతుంది, ఆ తర్వాత మూడు వారాలు కటకటే. యూట్యూబ్‌లో Video quality preferences తెరిచి మొబైల్ నెట్‌వర్క్‌కు Data saver పెట్టండి. రీఛార్జ్ చేసిన పదో రోజున 8 జీబీ దాటిందేమో చూడండి, దాటితే సర్దుకోవడానికి ఇంకా ఇరవై రోజుల టైముంది. ఆండ్రాయిడ్‌లో డేటా వార్నింగ్ కూడా 8 జీబీ దగ్గర పెట్టొచ్చు. ఫోన్ లెక్క నెలలో తేదీని బట్టి మొదలవుతుంది కాబట్టి ఆ తేదీని రీఛార్జ్ తేదీకి మార్చుకోండి.

5జీ ఫోన్ ఉండి, ప్లాన్‌తో అపరిమిత 5జీ వస్తున్నవాళ్లకు ఈ లెక్క తప్పుతుంది. ఫోన్ మీటర్ 5జీ, 4జీ కలిపే చూపిస్తుంది, కోటాలో పోయేది 4జీ ఒక్కటే. కొన్ని కంపెనీలు ఆ సౌకర్యాన్ని పెద్ద ప్లాన్లకే ఇస్తున్నాయి, చిన్నదానికి దిగితే అది పోతుంది. 5జీ వాడేవాళ్లు ఈ వారం ఫోన్‌ను 4జీ మీద పెట్టి అంకెలు మళ్లీ రాసుకోవాలి. హాట్‌స్పాట్ మీద ల్యాప్‌టాప్ వాడేవాళ్లు ఆ వాడకాన్ని విడిగా రాయండి. 4వ పాఠం దాని గురించే.