ఒడియా వచ్చు, కాగితం లేదు: రాయగడ వైపు కొత్తగా వచ్చినవారికి

పార్వతీపురం, సాలూరు, పాతపట్నం వైపు నుంచి పెళ్లయ్యో, ఉద్యోగం మీదో రాయగడకో గుణుపురానికో పర్లాకిమిడికో వచ్చినవాళ్లకి ఇక్కడ మాటతో పెద్ద ఇబ్బంది ఉండదు. బజార్లో తెలుగులోనే బేరమాడుకోవచ్చు, కొన్నాళ్లు తిరిగితే ఒడియా కూడా వచ్చేస్తుంది. చిక్కంతా దరఖాస్తు పెట్టేటప్పుడే. భాష బాగా వచ్చినవాళ్ల దరఖాస్తు పక్కన పడిపోతుంది, అంతంతమాత్రంగా వచ్చినవాళ్లది ముందుకు పోతుంది. ఇందులో అన్యాయం వెతకడం కంటే, అవతలివాళ్లు అడిగేది ఏ రకం పరీక్షో ముందే తెలుసుకోవడం మేలు.

భాషా పరీక్షలు ప్రధానంగా రెండు రకాలు. ఒక సిలబస్ పెట్టి, అందులో మీరు ఎంత నేర్చుకున్నారో చూసేది అచీవ్‌మెంట్ టెస్టు. పదో తరగతి ఒడియా పేపరు, ఇంటర్ ఇంగ్లీషు పేపరు, కోచింగ్ సెంటరు కోర్సు చివర పెట్టే పరీక్ష ఇవన్నీ ఆ కోవలోవే. రెండోది ప్రొఫిషియెన్సీ టెస్టు. మీరు ఏ బళ్లో, ఏ పుస్తకం చదివారన్నది దానికి అక్కర్లేదు. పరీక్ష రాసే రోజున ఆ భాషలో వినడం, చదవడం, రాయడం, మాట్లాడడం ఎంతవరకు చేయగలరో కొలుస్తుంది. విదేశాలకు వెళ్లేవాళ్లు రాసే ఐఈఎల్‌టీఎస్, వైద్యరంగంలోవాళ్లు రాసే ఓఈటీ లాంటి ఇంగ్లీషు పరీక్షలు ఇవి. పదో తరగతి మార్కుల మెమో ముప్పై ఏళ్లయినా చెల్లుతుంది. ఐఈఎల్‌టీఎస్ స్కోరును మాత్రం మామూలుగా రెండేళ్ల వరకే లెక్కలోకి తీసుకుంటారు, ఎందుకంటే వాడకం లేని భాష తగ్గిపోతుంది.

ఒక ఉదాహరణ చూద్దాం. పార్వతీపురంలో పుట్టి, తెలుగు మీడియంలో పదో తరగతి, ఆ తర్వాత బీఎస్సీ నర్సింగ్ చదివి, పెళ్లయి రాయగడ వచ్చిన అమ్మాయి అనుకుందాం. ప్రైవేటు ఆసుపత్రిలో రోజూ పేషెంట్లతో ఒడియాలోనే మాట్లాడుతుంది. ఒడిశా ప్రభుత్వం నర్సింగ్ ఆఫీసర్ పోస్టులకు నోటిఫికేషన్ ఇచ్చింది, ఈమె దరఖాస్తు పెట్టాలి.

ఒడిశా ప్రభుత్వ ఉద్యోగాల నోటిఫికేషన్లలో భాష గురించి ఒక పేరా ఉంటుంది, దాన్ని మాత్రం వదిలిపెట్టకుండా చదవాలి. ఒడియా చదవడం, రాయడం, మాట్లాడడం రావాలి అని మొదలవుతుంది. అక్కడికి ఆపేసి ‘నాకు వచ్చుగా’ అనుకుంటే దెబ్బతింటారు. దాని కిందే అసలు షరతు ఉంటుంది: ఏడో తరగతిలో గానీ ఆ పైన గానీ ఒడియా ఒక భాషా సబ్జెక్టుగా పాసై ఉండాలి, లేదా పదో తరగతిలో భాషేతర సబ్జెక్టు పరీక్ష ఒడియా మీడియంలో రాసి ఉండాలి, లేదా ప్రభుత్వ విద్యాశాఖ గానీ కటక్‌లోని సెకండరీ బోర్డు గానీ పెట్టే మిడిల్ స్కూల్ స్థాయి ఒడియా పరీక్ష పాసై ఉండాలి. చూశారా, ‘పాసై ఉండాలి’ అన్న మాటే ప్రతిచోటా. ఇది పూర్తిగా అచీవ్‌మెంట్ కాగితం అడగడమే. వెరిఫికేషన్ టేబుల్ దగ్గర ఎంత చక్కగా ఒడియా మాట్లాడినా, ఆ కాగితం లేకపోతే పని జరగదు.

ఈ అమ్మాయికి మిగిలిన దారి ఆ మిడిల్ స్కూల్ స్థాయి పరీక్ష. మాట్లాడడం వచ్చిన తెలుగువాళ్లు దీన్ని తేలిగ్గా తీసుకుంటారు. కానీ ఇందులో లిపి, ఒత్తులు, వ్యాకరణం, వ్యాసం కలం పట్టుకుని రాయాలి. వార్డులో నేర్చుకున్న ఒడియా అక్కడ సగమే అక్కరకొస్తుంది. ఏడో తరగతి సాహిత్యం పుస్తకం, వ్యాకరణం పుస్తకం తెచ్చుకుని, రోజుకో పేజీ చూసిరాత రాస్తే చెయ్యి తిరుగుతుంది. పరీక్ష నోటిఫికేషన్ ఎప్పుడుపడితే అప్పుడు రాదు కాబట్టి, ఉద్యోగ ప్రకటన వచ్చాక మొదలుపెడితే ఆలస్యమైపోతుంది.

అదే అమ్మాయి కొన్నాళ్లకు బ్రిటన్‌లో నర్సు ఉద్యోగానికి ప్రయత్నించిందనుకోండి, కథ తిరగబడుతుంది. ఆమె దగ్గర కాగితాలకు కొదవ లేదు: ఇంటర్ ఇంగ్లీషులో మంచి మార్కులు, బీఎస్సీ మొత్తం ఇంగ్లీషు మీడియం, ‘అరవై రోజుల స్పోకెన్ ఇంగ్లీష్’ సర్టిఫికెట్ కూడా. ఇవన్నీ అచీవ్‌మెంట్ కాగితాలు. అక్కడి నర్సింగ్ అండ్ మిడ్‌వైఫరీ కౌన్సిల్ ప్రధానంగా అడిగేది ప్రొఫిషియెన్సీ స్కోరు. ఐఈఎల్‌టీఎస్ అకడమిక్ అయితే వినడం, చదవడం, మాట్లాడడంలో 7 చొప్పున, రాయడంలో 6.5 రావాలి. ఓఈటీ అయితే మొదటి మూడింట్లో బి గ్రేడు, రాయడంలో సి ప్లస్.

ఇక్కడ చాలామంది ఓవరాల్ అంకె చూసి పొరబడతారు. వినడంలో 7.5, చదవడంలో 7, మాట్లాడడంలో 7, రాయడంలో 6 వస్తే సగటు 6.875. ఐఈఎల్‌టీఎస్ దాన్ని 7గా సవరించి ఇస్తుంది. ఇంట్లో స్వీట్లు పంచేస్తారు. కౌన్సిల్ మాత్రం రాయడంలో అర బ్యాండు తక్కువైందని ఒప్పుకోదు. అలాగని ఆ స్కోరు పూర్తిగా వృథా కాదు. పన్నెండు నెలల లోపు మళ్లీ రాస్తే రెండు పరీక్షల్లోవీ కలిపి చూపించవచ్చు. అయితే ఏ పరీక్షలోనూ ఏ భాగంలోనూ కావలసినదానికంటే అర బ్యాండుకు మించి తగ్గకూడదు. ఈమెకు రాయడంలో 6 ఉంది కాబట్టి ఆ హద్దులోనే ఉంది. రెండోసారి రాయడంలో 6.5 తెచ్చుకుని, మిగతావి 6.5కు తగ్గకుండా చూసుకుంటే చాలు.

మరో టెన్షన్ వీసా దగ్గర. బ్రిటన్ వీసాకు ‘ఐఈఎల్‌టీఎస్ ఫర్ యూకేవీఐ’ అని విడిగా ఒకటి ఉంది. ప్రశ్నలు మామూలు ఐఈఎల్‌టీఎస్‌లాంటివే, వీసా ఆఫీసు ఒప్పుకునే కేంద్రంలో రాయాలి, ఫీజు ఎక్కువ. ఏజెంటు ‘అదే రాయండి’ అంటాడు. కానీ నర్సుకు కౌన్సిల్ ఒప్పుకున్న ఇంగ్లీషు పరీక్ష పాసై ఉంటే వీసాకు మళ్లీ ఇంగ్లీషు నిరూపించనక్కర్లేదు. చదువుకోవడానికి వెళ్లే పిల్లల సంగతి వేరు. డిగ్రీ స్థాయి కోర్సయితే ఇంగ్లీషు సరిపోతుందా లేదా అన్నది యూనివర్సిటీయే తేల్చవచ్చు. కొన్ని యూనివర్సిటీలు కొన్ని భారతీయ బోర్డుల పన్నెండో తరగతి ఇంగ్లీషు మార్కుల్నీ ఒప్పుకుంటాయి. అప్పుడు బోర్డు పేరు చూసుకోవాలి. యూనివర్సిటీ జాబితాలో సీబీఎస్‌ఈ పేరు ఉన్నంత మాత్రాన ఒడిశా ఇంటర్ బోర్డు సీహెచ్‌ఎస్‌ఈ కూడా ఉందనుకోవద్దు.

రెంటికీ మధ్య ఉండే కేసు ఎస్‌బీఐ క్లర్కు ఉద్యోగం. పదిలోనో ఇంటర్లోనో ఆ రాష్ట్ర భాష చదివినట్టు మెమో చూపిస్తే భాషా పరీక్ష ఉండదు. చూపించలేకపోతే పరీక్ష పెడతారు. మాట వచ్చి కాగితం లేని మనవాళ్లకి ఇది కలిసొస్తుంది.

ఏది కావాలో నోటిఫికేషన్ చదివినా తేలకపోతే ఏజెంటునో కోచింగ్ సెంటరునో అడగకండి, వాళ్ల దగ్గర ఉన్నదే అమ్ముతారు. ఆఖరి నిర్ణయం తీసుకునే ఆఫీసుకే మెయిల్ పెట్టండి. ‘ఇంగ్లీషు సర్టిఫికెట్ కావాలా’ అని అడిగితే ‘అవును’ అన్న జవాబు వస్తుంది, దానివల్ల ఒరిగేదేమీ లేదు. ‘నా దగ్గర ఫలానా బోర్డు, ఫలానా సంవత్సరం మెమో ఉంది, ఇది సరిపోతుందా, సరిపోకపోతే ఏ పరీక్ష, ఒక్కో భాగంలో ఎంత రావాలి, ఎప్పటిలోగా రాసినది చెల్లుతుంది’ అని అడగండి. నర్సులాంటి ఉద్యోగాలకి కౌన్సిల్, ఉద్యోగమిచ్చే ఆసుపత్రి, వీసా ఆఫీసు మూడూ వేర్వేరు గుమ్మాలు. ఒకరి మాట ఇంకొకరికి వర్తిస్తుందనుకోకూడదు.

చిన్నపిల్లలతో వచ్చినవాళ్లకి ఒక్క మాట. బడిలో చేర్పించేటప్పుడు రెండో భాష, మూడో భాష ఏది తీసుకుంటారని అడుగుతారు. సులభంగా మార్కులొస్తాయని చాలామంది హిందీ, సంస్కృతం రాయించేస్తారు. ఏడో తరగతి ఆఖరి పరీక్షలో ఒడియా భాషా సబ్జెక్టుగా పాసైతే చాలు, పైన చెప్పిన షరతు తీరిపోతుంది. గుర్తింపు ఉన్న బడి అయితే సీబీఎస్‌ఈ అయినా ఫరవాలేదు. ఆ ఏడో తరగతి మార్కుల షీటును బడివాళ్లు అడిగితేనే ఇస్తారు చాలాచోట్ల, హెడ్‌మాస్టరు సంతకం, స్టాంపు వేయించి తీసి పెట్టుకోండి.