గ్రంథాలయ అరువు వ్యవస్థకు డేటా ఫ్లో డయాగ్రామ్ గీసేటప్పుడు తీసుకోవలసిన జాగ్రత్తలు

ఒక కళాశాల గ్రంథాలయంలో పుస్తకాలు అరువిచ్చే పనికి డేటా ఫ్లో డయాగ్రామ్, అంటే సమాచారం ఎక్కడి నుంచి ఎక్కడికి వెళ్తుందో చూపే పటం, గీయాలనుకుందాం. మొదటి పటం చాలామందికి సులువుగానే వస్తుంది. ఆ పటాన్ని విడదీసి కింది స్థాయిలు గీస్తున్నప్పుడు, కింద కొత్తగా తేలిన విషయం పైపటానికి చేరకపోవడం వల్లనే ఎక్కువ పొరపాట్లు జరుగుతాయి. అందువల్ల ఈ జాగ్రత్తలలో ప్రధానమైనవి స్థాయిల మధ్య పొంతనకు సంబంధించినవే.

గీయడానికి ముందే వ్యవస్థకు హద్దు ఎక్కడో నిర్ణయించుకోవాలి. కౌంటరు దగ్గర కూర్చునే సిబ్బంది వ్యవస్థ లోపలివారా, బయటివారా అన్న ప్రశ్నకు సమాధానం ఆ హద్దును బట్టే ఉంటుంది. అరువు విభాగం చేసే పని మొత్తాన్ని చిత్రిస్తున్నట్లయితే సిబ్బంది ఆ పనిలో భాగమే కాబట్టి వారికి విడిగా పెట్టె గీయకూడదు. సాఫ్ట్‌వేర్‌ను మాత్రమే చిత్రిస్తున్నట్లయితే దానికి వివరాలు అందించే సిబ్బంది బయటి ఎంటిటీ అవుతారు. రెండింటిలో ఏది ఎంచుకున్నా అన్ని స్థాయిలలోనూ దానికే కట్టుబడి ఉండాలి. ఇక్కడ మనం విభాగం పనిని మొత్తంగా తీసుకుంటున్నాం. వ్యవస్థ మొత్తాన్ని ఒకే ప్రాసెస్‌గా చూపే కాంటెక్స్ట్ డయాగ్రామ్‌ను 0వ స్థాయి అనే పద్ధతిని పాటిస్తున్నాం. కొందరు దాని తరువాతి పటాన్ని 0 అంటారు కనుక, ఏ పద్ధతి పాటిస్తున్నారో పటం మీద రాయడం మంచిది.

బాణం సమాచారాన్ని మాత్రమే చూపుతుంది. పుస్తకం చేతులు మారడాన్ని బాణంగా గీయకూడదు. అరువు అభ్యర్థన, గడువు తేదీ వంటి వివరాలనే గీయాలి. అలాగే ‘గడువు దాటితే’ వంటి షరతు బాణం మీద రాయవలసినది కాదు, అది ప్రాసెస్ వివరణలో ఉండాలి.

ఇక విడదీయడం సంగతి చూద్దాం. 1వ స్థాయిలో 1.0 పుస్తకం ఇవ్వడం, 2.0 తిరిగి తీసుకోవడం, 3.0 జరిమానా లెక్కించడం అనే మూడు ప్రాసెస్‌లు, సభ్యులు, పుస్తకాలు, అరువు నమోదులు అనే, సమాచారం నిలవ ఉండే మూడు డేటా స్టోర్‌లు ఉన్నాయనుకుందాం. 1.0 ను విడదీస్తే 1.1 సభ్యుడి అర్హత చూడడం, 1.2 ప్రతి ఉందో లేదో చూడడం, 1.3 అరువు నమోదు చేయడం వస్తాయి. 1.2 దగ్గరకు వచ్చేసరికి, ప్రతులన్నీ బయట ఉంటే సభ్యుడు రిజర్వేషన్ అడుగుతాడన్న సంగతి తేలుతుంది. అప్పుడు 1.4 రిజర్వేషన్ నమోదు అనే ప్రాసెస్‌ను, రిజర్వేషన్లు అనే కొత్త స్టోర్‌ను చేర్చి, పని అయిపోయిందనుకోవడం పొరపాటు. ఆ స్టోర్‌లోకి సమాచారం వెళ్తోంది కానీ ఎవరూ చదవడం లేదు. నిజానికి దాన్ని చదవవలసినది 2.0: పుస్తకం తిరిగి రాగానే వరుసలో తరువాత ఎవరున్నారో చూసి, వారికి కబురు పంపాలి. రెండు ప్రాసెస్‌లు వాడుకునే స్టోర్ 1వ స్థాయిలోనే కనిపించాలి. అంటే ఒక్క 2వ స్థాయి పటంలోని మార్పు వల్ల 1వ స్థాయిలో స్టోర్ చేరుతుంది, కాంటెక్స్ట్ డయాగ్రామ్‌లో సభ్యుడి నుంచి రిజర్వేషన్ అభ్యర్థన, సభ్యుడికి ప్రతులు లేవన్న సమాధానం, పుస్తకం వచ్చిందన్న కబురు అనే మూడు బాణాలు చేరుతాయి. ఇంకొక సూక్ష్మం కూడా ఉంది: అరువు ఒక ప్రతి మీద, గ్రంథాలయం ఆ ప్రతికి విడిగా ఇచ్చే యాక్సెషన్ నంబరుతో నమోదవుతుంది, రిజర్వేషన్ మాత్రం సాధారణంగా ఆ పుస్తకం మీద, ఏ ప్రతి అయినా సరేనన్నట్లుగా ఉంటుంది. ఈ తేడాను, పటంలోని ప్రతి వివరంలో ఏముందో రాసుకునే డేటా డిక్షనరీలో రాయకపోతే రెండు స్టోర్‌లు ఒకదానితో ఒకటి కలవవు.

పొంతనను సరిచూసే పద్ధతి ఇది. 2వ స్థాయి పటం చుట్టూ ఒక గీత గీసి, దాన్ని దాటే ప్రతి బాణాన్నీ జాబితాగా రాసుకుని, పైపటంలో 1.0 కు తగిలే బాణాలతో పోల్చాలి. పేర్లు అచ్చంగా కలవనంత మాత్రాన తప్పని తేల్చకూడదు. పైన ‘అరువు అభ్యర్థన’ అని ఉన్నది కింద సభ్యత్వ సంఖ్య, యాక్సెషన్ నంబరు అని రెండుగా చీలవచ్చు. ఆ చీలిక డేటా డిక్షనరీలో ఉంటే చాలు.

ఇన్‌పుట్ లేకుండా అవుట్‌పుట్ ఇచ్చే ప్రాసెస్‌ను కంటితోనే పట్టుకోవచ్చు. చాలని ఇన్‌పుట్‌తో నడిచేది అంత తేలికగా దొరకదు. 3.0 కు సభ్యత్వ సంఖ్య మాత్రమే వెళ్తూ జరిమానా మొత్తం బయటికి వస్తుంటే, అది లెక్క కట్టడం అసాధ్యం. గడువు తేదీ, తిరిగి ఇచ్చిన తేదీ, రోజుకు ఇంత అన్న రేటు, సెలవు రోజులను మినహాయించే నియమం ఉంటే సెలవుల జాబితా కూడా ఎక్కడి నుంచి వస్తాయో బాణాలు చూపాలి. అవి చూపాక 3.0 ను మరింత విడదీయనక్కరలేదు. లెక్క కట్టే తీరును అర పేజీలో రాయగలిగితే ఆ ప్రాసెస్‌ను అక్కడితో ఆపి, వివరణను దానికి జతచేయవచ్చు.