చెడిన టైపింగును రాబట్టడం – 3వ పాఠం: షిఫ్ట్ ఇరుక్కున్నప్పుడు

ముందు పోయిన పాఠం అభ్యాసానికి జవాబు. `tHE rOOM` అని వచ్చిందంటే క్యాప్స్ లాక్ వేసి ఉండగా మొదటి అక్షరాలకు షిఫ్ట్ కూడా నొక్కారన్నమాట. పెద్దవి చిన్నవి, చిన్నవి పెద్దవి చేస్తే సరిపోయింది. ఈసారి పని అంత తేలిక కాదు. ఎందుకో మధ్యలో తెలుస్తుంది.

తెర చూడకుండా నాలుగైదు వరుసలు కొట్టి తలెత్తారు. అక్షరాలన్నీ పెద్దవిగా ఉన్నాయి, అంకెల చోట `@`, `#`, `$` నిలబడి ఉన్నాయి. క్యాప్స్ లాక్ అనుకుని దాన్ని నొక్కుతారు చాలామంది. మామూలు అమెరికన్ లేఅవుట్‌లో క్యాప్స్ లాక్ అంకెల జోలికి పోదు. అంకెలు గుర్తులయ్యాయంటే షిఫ్టే. క్యాప్స్ లాక్ కూడా కలిస్తే అక్షరాలు చిన్నవిగా కనిపిస్తాయి, అంకెలు మాత్రం గుర్తులుగానే ఉంటాయి. కాబట్టి అంకెల వరుసను చూడండి, అక్షరాలను కాదు.

ఇక్కడ ఒక్క క్షణం చేతులు ఆపండి. షిఫ్ట్ దిగి ఉన్నంతసేపు మనకు అలవాటైన కీలు వేరే పనులు చేస్తాయి. బాణం కీ నొక్కితే కర్సర్ జరగడమే కాదు, రాసిన ముక్క ఎంపికవుతుంది. ఆ మీదట ఏ అక్షరం కొట్టినా ఎంపికైన ముక్కంతా పోతుంది. పోయిందని కంగారుగా కంట్రోల్, జెడ్ నొక్కితే అది కంట్రోల్, షిఫ్ట్, జెడ్ అవుతుంది. చాలా ప్రోగ్రాముల్లో అది అన్‌డూ కాదు, రీడూ. విండోస్‌లో ఫైల్ మీద డిలీట్ నొక్కితే ఆ ఫైల్ రీసైకిల్ బిన్‌కు కూడా వెళ్లదు. అందుకని అన్‌డూ అయినా, సేవ్ అయినా మౌస్‌తో మెనూలోంచే చేయండి.

ఇక కీని విడిపించడం. ఎడమ షిఫ్ట్, కుడి షిఫ్ట్ రెండింటినీ ఒకదాని తర్వాత ఒకటి నొక్కి వదలండి. వేరే కంప్యూటర్‌కు రిమోట్‌గా కలిసి పనిచేస్తున్నప్పుడు కీ వదిలిన కబురు అవతలికి చేరక ఇలా అవుతుంటుంది. అలాంటిదైతే ఇంతటితో పోతుంది. పోకపోతే స్టిక్కీ కీస్ చూడండి. షిఫ్ట్‌ను ఐదుసార్లు వరుసగా నొక్కితే విండోస్ అడిగే ప్రశ్నకు చూసుకోకుండా అవునని ఉంటారు. అది పనిచేస్తుండగా షిఫ్ట్‌ను రెండుసార్లు తడితే తాళం పడ్డట్టే. మళ్లీ ఒకసారి తడితే వదులుతుంది. సెట్టింగుల్లో పూర్తిగా ఆపేయవచ్చు. రెండూ కాకపోతే కీబోర్డు తీగ పీకండి. తీగ పీకగానే తెర మీది కీబోర్డులో అంకెలు మామూలుగా పడితే కీ కిందే ఏదో చేరిందని అర్థం. అది శుభ్రం చేసే పని, ఈ పాఠానిది కాదు.

ఇప్పుడు పాడైన వరుసలు. షిఫ్ట్ ఒక కీకి ఒక గుర్తే ఇస్తుంది కాబట్టి దారి వెనక్కి కూడా ఉంది. `!` అంటే 1, `@` అంటే 2, `#` అంటే 3, అలా `(` 9, `)` 0. విరామ చిహ్నాలకూ ఇదే లెక్క: `<` అంటే కామా, `>` అంటే ఫుల్‌స్టాప్, `?` అంటే వాలు గీత, `_` అంటే అడ్డగీత. ఈ వరుస అమెరికన్ లేఅవుట్‌ది. బ్రిటిష్ లేఅవుట్‌లో 2 మీద `"`, 3 మీద `£` ఉంటాయి. మీ కీబోర్డు మీద అచ్చయినది కాదు, సిస్టమ్‌లో ఎంచుకున్న లేఅవుట్ ఏదో అదే లెక్క.

పాడైన భాగాన్ని మాత్రం `bad.txt` అనే వేరే ఫైల్లోకి కాపీ చేయండి. ఎక్కడ మొదలైందో మాట మధ్యలోనే తెలుస్తుంది: `the list is reADY` అని ఉంటే `A` దగ్గర ఇరుక్కుంది. దానికి ముందున్న వరుసలను కలిపితే అక్కడి అసలైన బ్రాకెట్లు, ప్రశ్నార్థకాలు కూడా అంకెలూ గీతలూ అయిపోతాయి. అసలు ఫైలును అలాగే ఉంచి, కాపీ మీద ఇది నడపండి:

```
a = '~!@#$%^&*()_+{}|:"<>?'
b = "`1234567890-=[]\\;',./"
s = open('bad.txt').read()
print(s.lower().translate(str.maketrans(a, b)))
```

పైథాన్ లేకపోతే ఎడిటర్‌లోని ఫైండ్, రీప్లేస్‌తో ఒక్కో గుర్తును మార్చుకోవచ్చు, కాస్త ఓపిక కావాలి.

ఒక వరుస తీసుకుందాం. తెర మీద ఉన్నది:

```
ITEM $&_B< QTY !@): FILE: DATA_)(>TXT
```

ప్రోగ్రాము ఇచ్చేది:

```
item 47-b, qty 120; file; data-09.txt
```

అంకెలన్నీ తిరిగొచ్చాయి. కానీ `file;` అని ఎవరూ రాయరు, అక్కడ కొట్టాలనుకున్నది `file:`. ఫైల్ పేరు కూడా `data_09.txt`. ఏం జరిగిందంటే, కోలన్ షిఫ్ట్‌తో కొట్టేదే. షిఫ్ట్ ఇరుక్కున్నప్పుడు కోలన్ కొట్టినా కోలనే వస్తుంది, సెమీకోలన్ కొట్టినా కోలనే వస్తుంది. రెండు దారులు ఒకే చోట కలిశాయి. కలిసిన చోటు నుంచి వెనక్కి వెళ్లేటప్పుడు ప్రోగ్రాము ఎప్పుడూ షిఫ్ట్ లేని దారే పడుతుంది. పెద్దక్షరాల సంగతీ అంతే: కావాలని పెద్దదిగా కొట్టినది కూడా చిన్నదైపోతుంది. పేర్లను చేత్తో సరిదిద్దుకోవాలి.

కోలన్ తప్పు కంటికి తగులుతుంది. నాకు భయమైనది శాతం గుర్తు. ఇరుక్కున్న షిఫ్ట్‌తో `50%` కొడితే `%)%` పడుతుంది. వెనక్కి మారిస్తే `505`. అందులో ఒక్క తేడా అయినా కనిపిస్తోందా? ఒకసారి ఇలాంటి అంకెతో ఉన్న పట్టికను నేను సరిగా చూడకుండానే పంపేశాను. 505 వచ్చిన గడి మిగతా వాటి పక్కన పొడుగ్గా ఉండటం వల్ల అవతలివాళ్లే పట్టుకున్నారు. బ్రాకెట్లదీ ఇదే తంతు: `(2)` కాస్తా `(@)` అయి, తిరిగొచ్చేసరికి `920` అవుతుంది. `#7` అయితే 37.

అందుకే ప్రోగ్రాము నడిపాక ఒక పని మిగిలే ఉంటుంది. 5తో ముగిసే ప్రతి సంఖ్య దగ్గరా ఆగండి, అది శాతం కావచ్చు. 9తో మొదలై 0తో ముగిసేది బ్రాకెట్లు కావచ్చు. 3తో మొదలయ్యేది హ్యాష్ కావచ్చు. పక్కన పాడవని వరుసలు ఉంటే వాటిలో ఆ కాలమ్ ఎన్ని అంకెలతో ఉందో చూస్తే చాలావరకు తేలిపోతుంది. అప్పటికీ తేలకపోతే ఆ సంఖ్యను ఊహించి రాయకండి, మూలం చూసి రాయండి. ఈ-మెయిల్ చిరునామాలోని `@` కూడా 2 అయి ఉంటుంది, కానీ అది మాట మధ్యలో ఉంటుంది కాబట్టి వెంటనే తెలుస్తుంది.

తెలుగు ఇన్‌స్క్రిప్ట్‌లో టైప్ చేసేవారికి ఇదే తంటా వేరే రూపంలో వస్తుంది: క కాస్తా ఖ, త కాస్తా థ, గుణింతపు గుర్తు కాస్తా అచ్చు. దాని పట్టిక వేరు, 4వ పాఠంలో అదే.

ఈలోగా దీన్ని ప్రోగ్రాముతో మార్చి, ఎక్కడ తప్పు వస్తుందో చెప్పండి:

```
CHAPTER !@> PAGES $%_^)< DONE *)%
```