మార్కెట్ సైజును కింది నుంచి పైకి లెక్కగట్టడం ఎలా?

కొత్త వ్యాపారం గురించి రాసే ప్లాన్‌లో చాలామంది మొదట చేసే పని, ఆ రంగం మీద వచ్చిన ఒక ఇండస్ట్రీ రిపోర్టు వెతికి, అందులో ఉన్న వేల కోట్ల అంకెను తెచ్చి పెట్టడం. దాని కింద "ఇందులో 1 శాతం మనకు వచ్చినా చాలు" అని రాస్తారు. ఆ 1 శాతం అంటే ఎంతమంది కస్టమర్లు, వాళ్లు ఎక్కడున్నారు, ఒక్కొక్కరు ఎంత కడతారు అని అడిగితే జవాబు ఉండదు. రిపోర్టు తప్పని కాదు. అది ఏమేం కలిపి లెక్కేసిందో మనకు తెలియదు కాబట్టి, అందులో మన వాటా ఏమిటో దాని నుంచి తేల్చలేం.

దీనికి బదులు ఒక్క కస్టమర్ దగ్గర మొదలుపెట్టి పైకి కట్టుకుంటూ వెళ్లాలి. ఒక ఉదాహరణను మొదటి నుంచి చివరి వరకు చేసి చూద్దాం. డెంటల్ క్లినిక్‌లకు ఒక చిన్న సాఫ్ట్‌వేర్ అమ్మాలనుకుంటున్నారు. పేషెంట్లకు అపాయింట్‌మెంట్ గుర్తుచేయడం, ఎవరైనా రాలేమంటే ఆ ఖాళీని ఇంకొకరితో నింపడం దాని పని. ఇందులోని అంకెలన్నీ లెక్క చూపించడానికి నేను ఊహించుకున్నవి. కరెన్సీ మీకు నచ్చినది అనుకోండి.

డబ్బు కట్టేది ఎవరు?

ముందు తేల్చుకోవాల్సింది ఇదే. ఈ సాఫ్ట్‌వేర్‌కు డబ్బు కట్టేది పేషెంటు కాదు, విడివిడిగా ఒక్కో డాక్టరూ కాదు, క్లినిక్. కాబట్టి మనం లెక్కపెట్టాల్సినవి క్లినిక్‌లు. డాక్టర్లను లెక్కపెడితే ముగ్గురు డాక్టర్లున్న క్లినిక్ మూడుసార్లు వస్తుంది. ఒకే యజమానికి ఐదు బ్రాంచీలు ఉండి, కొనుగోళ్లన్నీ హెడ్డాఫీసే చూస్తుంటే, అమ్మకం ఒక్కటే కానీ బిల్లు ఐదింటికి పడవచ్చు. ఆ రెండింటిలో ఏది లెక్కిస్తున్నారో ఒక వాక్యంలో రాసి పెట్టుకోండి. ఇక్కడ ఒక అడ్రసులో ఉన్నదాన్ని ఒక క్లినిక్‌గా తీసుకుందాం.

ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టడం

మీరు అమ్మబోయే ప్రాంతానికి గీత గీసుకోండి. అందులోని క్లినిక్‌లకు ఒక్క జాబితా చాలదు, రెండు కావాలి. అవి వేర్వేరు దారుల్లో తయారైనవై ఉండాలి. ఒకటి లైసెన్సుల రిజిస్టరు, రెండోది ఆన్‌లైన్ మ్యాపు అనుకుందాం. ఒకదాన్ని చూసి రెండోది రాసి ఉంటే రెండు జాబితాలున్నా ఒకటి ఉన్నట్టే.

రెండింటినీ శుభ్రం చేయండి. మూతపడినవి, రెండుసార్లు రాసినవి తీసేయండి. డాక్టర్ల పేర్లతో ఉన్న రిజిస్టరును అడ్రసుల వారీగా కలపండి. ఇది విసుగు పుట్టించే పనే, కానీ వదిలేయవద్దు. కారణం కాసేపట్లో తెలుస్తుంది.

ఇప్పుడు మొదటి జాబితాలో 1,200, రెండోదాంట్లో 1,000 మిగిలాయనుకుందాం. రెండింటిలోనూ ఉన్నవి 800. అంటే మన కంటికి కనిపించిన క్లినిక్‌లు 1,400. ఏ జాబితాకూ ఎక్కనివి ఎన్ని? రెండో జాబితాలోని 1,000లో 800 మొదటి జాబితాలో దొరికాయి. అంటే మొదటి జాబితా ఉన్నవాటిలో సుమారు 80 శాతాన్ని పట్టుకుంటోందని అర్థం. 1,200 అనేది 80 శాతమైతే మొత్తం 1,500.

```
1200 × 1000 ÷ 800 = 1500
```

చెరువులో చేపల్ని లెక్కపెట్టడానికి జీవశాస్త్రవేత్తలు వాడే లింకన్-పీటర్సన్ పద్ధతి ఇదే. కొన్నింటిని పట్టి గుర్తుపెట్టి వదులుతారు, మళ్లీ వల వేసి, పడినవాటిలో గుర్తున్నవి ఎన్నో చూస్తారు.

ఈ పద్ధతి రెండు వైపులా మోసం చేయగలదు. మూతపడిన క్లినిక్‌లు ఒక జాబితాలో మిగిలిపోతే అవి రెండోదాంట్లో దొరకవు, కాబట్టి మొత్తం అంకె ఉన్నదానికంటే పెరుగుతుంది. శుభ్రం చేయమన్నది అందుకే. ఇక పెద్ద క్లినిక్‌లు ఎలాగూ రెండు జాబితాల్లోనూ ఉంటాయి, చిన్నవి రెండింటిలోనూ తప్పిపోతాయి. అప్పుడు అంకె తగ్గుతుంది. కాబట్టి 1,500 కంటే కొన్ని ఎక్కువే ఉండవచ్చు, ఉంటే అవి చిన్నవై ఉంటాయి. మన లెక్కకు అది పెద్ద దెబ్బ కాదు. ఎందుకో తర్వాతి అంకెలు చెబుతాయి.

నిజంగా అవసరం ఉన్నవాళ్లు ఎందరు?

అన్ని క్లినిక్‌లకూ ఈ సమస్య ఉండదు. ఒకే కుర్చీ ఉన్న చోట డాక్టరుగారే ఫోన్ తీసి మాట్లాడతారు. నాలుగు కుర్చీలున్న చోట రిసెప్షన్‌లో కూర్చున్నవాళ్లకు రోజంతా అదే పని. అందుకని క్లినిక్‌లను కుర్చీల సంఖ్యను బట్టి మూడు గుంపులు చేద్దాం. ఒక్క కుర్చీవి 900, రెండు లేదా మూడున్నవి 450, నాలుగూ అంతకంటే ఎక్కువ ఉన్నవి 150 అనుకుందాం.

ఒక్కో గుంపు నుంచి 40 క్లినిక్‌లను చీటీలు తీసినట్టు ఎంచుకుని ఫోన్ చేయండి. మీకు తెలిసిన డాక్టర్లకు చేస్తే లెక్క చెడిపోతుంది. ఫోన్ ఎత్తనివాళ్లను వదిలేయకుండా మళ్లీ మళ్లీ ప్రయత్నించండి. ఎందుకంటే బాగా బిజీగా ఉండి ఎత్తనివాళ్లే మీకు కావాల్సినవాళ్లు కావచ్చు.

అడిగే ప్రశ్న మీద చాలా ఆధారపడి ఉంటుంది. "ఇలాంటి సాఫ్ట్‌వేర్ వస్తే కొంటారా?" అని అడగవద్దు. మర్యాదకు చాలామంది కొంటామనే అంటారు. "పోయిన వారం ఎంతమంది చెప్పకుండా మానేశారు? అప్పుడు మీరేం చేశారు?" అని అడగండి. వారంలో కనీసం ఐదుగురు రాకపోయి, దాన్ని ఆపడానికి ఇప్పటికే రోజూ ఎవరో ఫోన్లు చేస్తుంటేనో, మెసేజ్‌లకు డబ్బు పెడుతుంటేనో ఆ క్లినిక్‌ను "అవసరం ఉంది" కింద రాసుకోండి. ఈ గీతను ఫోన్లు మొదలుపెట్టకముందే గీయాలి. జవాబులు విన్నాక గీస్తే మనకు తెలియకుండానే మనకు అనుకూలంగా జరిగిపోతుంది.

చిన్నవాటిలో 40కి 4, మధ్యరకంలో 20, పెద్దవాటిలో 28 క్లినిక్‌లకు అవసరం ఉందని తేలిందనుకుందాం. మొత్తం క్లినిక్‌లకు వర్తింపజేస్తే 90, 225, 105 అవుతాయి. కలిపితే 420.

ధర, గుణకారం

ధరను కూడా గాలిలోంచి తీసుకోకూడదు. ఇప్పుడు ఈ పని మీద వాళ్లు పెడుతున్న ఖర్చు చూడండి: ఫోన్లు చేసే మనిషి గంటలు, మెసేజ్‌ల బిల్లు, ఖాళీగా పోయిన కుర్చీ సమయం. మీ ధర ఆ ఖర్చుకంటే బాగా తక్కువ ఉండాలి. లేకపోతే మారాలన్న ఆలోచనే వాళ్లకు రాదు. చిన్నవాళ్లకు నెలకు 500, మధ్యరకానికి 1,000, పెద్దవాళ్లకు 2,000 అనుకుందాం.

```
90  ×  500 × 12 =  5,40,000
225 × 1000 × 12 = 27,00,000
105 × 2000 × 12 = 25,20,000
మొత్తం           = 57,60,000
```

సంఖ్యలో పదో వంతు ఉన్న పెద్ద క్లినిక్‌ల నుంచి దాదాపు 44 శాతం డబ్బు వస్తోంది. జాబితాకు ఎక్కని క్లినిక్‌లు చిన్నవైతే పెద్ద నష్టం లేదని పైన అన్నది ఇందుకే.

గుంపులు చేయకుండా సగటులతో చేసి ఉంటే ఏమయ్యేది? మొత్తం 1,500 క్లినిక్‌లలో అవసరం ఉన్నవి 28 శాతం, అన్ని క్లినిక్‌ల మీద సగటు ధర 800. గుణిస్తే ఏడాదికి 40,32,000 మాత్రమే. అవే వివరాలు, కానీ 17 లక్షలకు పైగా మాయం. అవసరం ఎక్కువ ఉన్నవాళ్లే ఎక్కువ కడతారు కాబట్టి ఆ రెంటినీ విడదీసి సగటు తీస్తే తప్పు వస్తుంది. ఈ లెక్కల్లో నేను ఎక్కువగా చూసే పొరపాటు ఇదే. గుణించే రెండు అంకెలకు మధ్య సంబంధం ఉందనిపిస్తే వెంటనే గుంపులు చేయండి.

ఏ అంకె ఎంత కదులుతుంది?

57.6 లక్షలు అని ఒకే అంకె చెప్పేసి ఆగవద్దు. 40 మందిలో 20 మంది అంటే 50 శాతమే కానీ, అంత చిన్న నమూనాలో అసలు అంకె సుమారు 35 నుంచి 65 శాతం మధ్య ఎక్కడైనా ఉండవచ్చు. అప్పుడు మధ్యరకం క్లినిక్‌ల నుంచి వచ్చేది 19 లక్షలూ కావచ్చు, 35 లక్షలూ కావచ్చు. పెద్ద క్లినిక్‌లకు ఇలాగే చేస్తే సుమారు 20 నుంచి 30 లక్షలు వస్తుంది. ఊగిసలాట ఎక్కువ ఉన్నది మధ్య గుంపులో. ఇంకో రోజు ఫోన్లకు కేటాయించగలిగితే అక్కడే పెట్టాలి. ఒక్క విషయం గుర్తుంచుకోండి: ఈ ఊగిసలాటను సగానికి తగ్గించాలంటే దాదాపు నాలుగింతల ఫోన్లు కావాలి. అంత శ్రమ ఎందుకనుకుంటే రెండు కొసలనూ ప్లాన్‌లో రాసేయండి. మధ్య గుంపు నుంచి 19 లక్షలే వచ్చినా వ్యాపారం నిలబడుతుందా అన్నది అప్పుడు చూసుకోవచ్చు.

ఇప్పుడు రిపోర్టు తెరవండి

రిపోర్టును పక్కన పారేయక్కర్లేదు. దాని చోటు చివర్లో, సరిచూసుకోవడానికి. మీ అంకెకూ దానికీ వందల రెట్లు తేడా ఉంటే, అందులో ఏమేం కలిపారో నిర్వచనాల పేజీలో చూడండి. బిల్లింగ్ సాఫ్ట్‌వేర్, ఎక్స్‌రే చిత్రాలు దాచే సిస్టమ్‌లు, ఇన్‌స్టలేషన్, మెయింటెనెన్స్, ఇతర దేశాలు అన్నీ ఉండవచ్చు. మీకు సంబంధం లేనివి ఒక్కొక్కటిగా తీసేస్తూ రండి. తీసేశాక కూడా తేడా చాలా మిగిలితే, క్లినిక్‌ల సంఖ్యో ధరో మీరు తప్పుగా పట్టుకుని ఉండవచ్చు, మళ్లీ చూడాలి.

ఇదే సాఫ్ట్‌వేర్ అమ్ముతున్న వేరే కంపెనీలు ఆ ప్రాంతంలో ఉంటే ఇంకో పరీక్ష కూడా చేయవచ్చు. ఫోన్ చేసిన 120 క్లినిక్‌లలో ఎన్ని ఇప్పటికే దేనికో డబ్బు కడుతున్నాయో చూడండి. కడుతున్నవాళ్లు ఒక్కరూ లేకపోతే, మన "అవసరం ఉంది" గీత మరీ కిందికి గీసినట్టు అనుమానించాలి.

ఇక 57.6 లక్షలు అన్నది అవసరం ఉన్న ప్రతి క్లినిక్కూ కొంటే వచ్చే మొత్తం, మీ ఆదాయం కాదు. మీ ఆదాయానికి ఇంకో చిన్న లెక్క వేయాలి, అది అమ్మే మనిషి దగ్గర మొదలవుతుంది. ఒక్కరు నెలకు 40 క్లినిక్‌లకు వెళ్లి, పదింటిలో ఒకదానికి అమ్మగలిగితే నెలకు 4, ఏడాది చివరికి 48 క్లినిక్‌లు. వాళ్లందరూ ఒకేసారి చేరరు కాబట్టి మొదటి ఏడాది చేతికొచ్చేది వాటి పూర్తి ఏడాది బిల్లులో సుమారు సగమే. మధ్యరకం ధర వేసుకుంటే అది మూడు లక్షలకు కాస్త తక్కువ. ఆ మనిషి జీతం దానికంటే ఎక్కువైతే, పెద్ద క్లినిక్‌లతో మొదలుపెట్టడమో ధర మార్చడమో ఇప్పుడే ఆలోచించాలి.