గుజరాతీ ఆడిట్ రిపోర్టును ఇంగ్లీషులోకి మార్చే ముందు జాగ్రత్తలు

సూరత్ మిల్లు నుంచి 3,000 దుప్పట్ల లాట్ ఆడిట్ వచ్చిందనుకుందాం.

- ముందు లోపాల పట్టిక రాసుకోండి. గుజరాతీలో 'గంభీర్' అని ఉంటే ఆ లోపం అన్నిటికన్నా తీవ్రమైన క్రిటికలా, దాని కింది మేజరా? ఊహించొద్దు, మిల్లునే అడగండి. ఒకసారి తేలాక చివరిదాకా అదే మాట వాడండి. ఈ ఒక్క మాట మీదే సరుకు తిరిగి వెళ్లొచ్చు.

- గుజరాతీలో 1 అంకె చూడ్డానికి మన 9 లాగే ఉంటుంది. 125 కాస్తా 925 అవుతుంది.

- శాంపిల్ తనిఖీ ప్రమాణం ఐఎస్ఓ 2859-1లో సాధారణ తనిఖీ, లెవెల్ 2 ప్రకారం ఈ లాట్‌కు శాంపిల్ 125 దుప్పట్లు. ఏక్యూఎల్, అంటే ఒప్పుకోదగ్గ నాణ్యతా పరిమితి, 2.5 అయితే 7 వరకు అంగీకారం, 8 అయితే తిరస్కరణ. రిపోర్టులో వేరే అంకె ఉంటే దిద్దకండి, ఉన్నది ఉన్నట్టు రాసి పక్కన ప్రశ్న పెట్టండి.

- రిపోర్టులో ఇచ్చింది లోపాల సంఖ్యా, లోపమున్న దుప్పట్ల సంఖ్యా? ఒకే దుప్పటికి మరకా, చిరుగూ రెండూ ఉండొచ్చు.