ఎన్‌సీఎస్ పోర్టల్‌లో డేటా అనలిస్ట్ ఉద్యోగానికి దరఖాస్తు: ప్రాజెక్టుకు రెండు వరుసల రెజ్యూమె

కేంద్ర కార్మిక, ఉపాధి మంత్రిత్వ శాఖ 2015లో ప్రారంభించిన నేషనల్ కెరీర్ సర్వీస్ పోర్టల్‌లో (ncs.gov.in) ఉద్యోగార్థిగా నమోదు కావడానికి రుసుము లేదు. నమోదు పూర్తిచేసి, ప్రొఫైల్‌లో విద్యార్హతలు, నైపుణ్యాలు నింపి, రెజ్యూమె జతచేసి, తగిన ఖాళీకి దరఖాస్తు పంపాలి. ఇందులో తడబడేది రెజ్యూమె దగ్గరే.

ఉద్యోగానుభవం లేని అభ్యర్థికి ప్రాజెక్టులే ఆధారం. అయితే “టమాటా ధరల విశ్లేషణ, పైథాన్, పవర్ బీఐ” అని రాసి వదిలేస్తే ఏం తేలిందో చదివేవారికి తెలియదు. మొదటి వరుసలో సమస్య, పద్ధతి, రెండో వరుసలో సాధనాలు, ఫలితం ఉండాలి. అగ్‌మార్క్‌నెట్ అనే ప్రభుత్వ పోర్టల్‌లో దొరికే రోజువారీ మార్కెట్ ధరలతో చేసిన ప్రాజెక్టును ఇలా రాయవచ్చు (రెజ్యూమె ఇంగ్లిష్‌లో ఉంటుంది కాబట్టి ఇది దాని భావం, అంకెలు నమూనాకు వేసినవి):

> మదనపల్లె మార్కెట్లో వారం తర్వాతి టమాటా ధర అంచనా. 3 ఏళ్ల ధరలను శుద్ధిచేసి, చివరి 6 నెలలపై పరీక్ష.
> ఎస్‌క్యూఎల్, పైథాన్, పవర్ బీఐ. నేటి ధరనే అంచనాగా తీసుకుంటే సగటు తేడా క్వింటాలుకు రూ.520, ఈ పద్ధతిలో రూ.410.

ఇందులో బలమంతా రూ.520 దగ్గర ఉంది. ఏ లెక్కా వేయకుండా నేటి ధరనే చెప్పేస్తే ఎంత తప్పుతుందో చూపితేనే రూ.410కి అర్థం వస్తుంది. “కచ్చితత్వం 95 శాతం” అన్న మాటకు ఆ ఆధారం ఉండదు. పరీక్షకు చివరి నెలలనే విడిగా ఉంచడానికీ కారణముంది: తేదీలను కలగాపులగంగా విడదీస్తే రేపటి ధర చూసి నిన్నటిది చెప్పినట్టవుతుంది, తేడా అనుమానం కలిగేంత తక్కువగా వస్తుంది. మార్కెట్ సెలవు రోజుల ఖాళీలను సున్నాతో నింపినా లెక్క చెడుతుంది. గ్రాఫులో గీత ఉన్నట్టుండి నేలకు దిగి మర్నాడే పైకి లేస్తే తప్పు అక్కడే జరిగిందని గుర్తించవచ్చు. ఇంటర్వ్యూలో ఈ శుద్ధి గురించి అడిగే అవకాశం ఎక్కువ కాబట్టి, వరుసల్లో పట్టని ఆ వివరాన్ని గిట్‌హబ్‌లోని README ఫైల్లో రాసి, లింకు ఇవ్వాలి. మీ పద్ధతి రూ.520 కంటే మెరుగుపడకపోతే ఆ మాటే రాయండి. దాచిన ఫలితం కంటే అదే నయం.

జతచేసే ముందు పీడీఎఫ్‌లోని పాఠమంతా కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో పెట్టి చూడాలి. రెండు నిలువు భాగాల టెంప్లేట్ వాడితే ఒక ప్రాజెక్టు ఫలితం మరో ప్రాజెక్టు కిందికి చేరడం అక్కడ కనబడుతుంది. అప్పుడు ఒకే భాగంగా మార్చుకోవాలి. గిట్‌హబ్ లింకును లాగిన్ లేని ఇన్‌కాగ్నిటో విండోలో తెరిచి చూడాలి, ఎందుకంటే ప్రైవేటుగా ఉంచిన రిపాజిటరీ మీకు తెరుచుకున్నా చదివేవారికి 404 చూపిస్తుంది. చివరగా, రెండో వరుసలో రాసిన సాధనాల పేర్లనే పోర్టల్ ప్రొఫైల్‌లోని నైపుణ్యాల్లోనూ చేర్చి దరఖాస్తు పంపాలి.