సింక్ క్యూ ఉన్న యాప్‌కి అప్‌డేట్ వదిలే ముందు

నెట్ అందని ఊళ్లలో సర్వే చేసేవాళ్ల ఫోన్లలో సర్వర్‌కి ఇంకా చేరని ఫారాలు క్యూలో ఉంటాయి. వాటికి మరో కాపీ ఎక్కడా ఉండదు. ఆండ్రాయిడ్ యాప్‌లో కొత్త వెర్షన్ వదిలే ముందు ఇవి చూసుకోండి.

- కోడ్‌లో `fallbackToDestructiveMigration` ఉందేమో వెతకండి. అది ఉండి, డేటాబేస్ వెర్షన్ పెంచి మైగ్రేషన్ రాయడం మరిచిపోతే, రూమ్ డేటాబేస్ లైబ్రరీ పాత టేబుళ్లను చెరిపేసి కొత్తవి పెడుతుంది. యాప్ క్రాష్ అవదు, క్యూ మాత్రం ఖాళీ అయిపోతుంది. పాత వెర్షన్‌లో ఫ్లైట్ మోడ్ పెట్టి 5 ఫారాలు నింపండి. దానిమీదే కొత్తది ఇన్‌స్టాల్ చేసి, అయిదూ ఉన్నాయో లేదో లెక్కపెట్టండి.

- ఫారం ఐడీ సేవ్ చేసేటప్పుడే ఫోన్‌లో పుట్టాలి, పంపేటప్పుడు కాదు. మాకు ఒకసారి ఒకే ఇంటి వివరాలు మూడుసార్లు ఎక్కాయి. సర్వర్ సేవ్ చేసుకుంది, జవాబు వచ్చేలోపు సిగ్నల్ పోయింది, ఫోన్ మళ్లీ పంపింది, ప్రతిసారీ కొత్త ఐడీతో! ఐడీ ఒకటే అయి, సర్వర్ టేబుల్‌లో దానికి యూనిక్ షరతు ఉంటే రెండోది చేరదు.

- సర్వర్ అందిందని చెప్పాకే క్యూలోంచి తీసేయండి.

- తప్పు డేటా ఉన్న ఒక్క ఫారాన్ని సర్వర్ 400తో తిప్పికొడితే, దాన్ని పక్కన పెట్టి మిగతావి పంపాలి. లేకపోతే వెనకున్నవన్నీ ఆగిపోతాయి.

- వర్క్‌మేనేజర్‌లో పీరియాడిక్ పనికి 15 నిమిషాలకన్నా తక్కువ వ్యవధి కుదరదు, డోజ్ మోడ్‌లో ఇంకా ఆలస్యమవుతుంది. అందుకే "ఇంకా 7 పంపాలి" అని తెరమీద కనపడాలి, పక్కనే ఒక పంపు బటన్ ఉండాలి.